పన్నెండు లక్షలు ఎన్నేళ్ళు వస్తాయి?
(ఒకేసారి చేతికి వచ్చిన సొమ్మును ఏటా కొంత తీసుకుంటూ వాడుకునేవారికి లెక్క)

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు నన్ను అడిగే ప్రశ్నలు సామాన్యంగా పాల బిల్లు గురించో, బోనసు గురించో ఉంటాయి. ఈమధ్య ఒక సంఘంలో వేరే ప్రశ్న ఎదురైంది. అడిగిన సభ్యుడు పాల శీతలీకరణ కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. వయస్సు 60. భార్య వయస్సు 54. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ కలిపి రూ. 12,00,000 చేతికి వచ్చాయి. ఇంట్లో రెండు గేదెలు ఉన్నాయి, పాలు సంఘానికే పోస్తున్నారు.

"అయ్యా, ఇంటి ఖర్చుకు నెలకు పది వేలు కావాలి. ఈ సొమ్ము ఎన్నేళ్ళు వస్తుందో నేను లెక్క వేశాను, మీరొకసారి చూడండి" అని ఒక కాగితం ఇచ్చాడు. అందులోని లెక్క ఇది. ఏడాదికి రూ. 1,20,000 చొప్పున 12 లక్షలు పదేళ్ళు వస్తాయి. బ్యాంకు వడ్డీ 7 శాతం అనుకుంటే ఏటా రూ. 84,000. పదేళ్ళకు రూ. 8,40,000. ఆ వడ్డీ సొమ్ము ఇంకో ఏడేళ్ళు వస్తుంది. మొత్తం 17 ఏళ్ళు.

చూడడానికి లెక్క సబబుగానే ఉంది. కాని అందులో పెద్ద పొరపాటు ఉంది. రిటైరైనవారు, పొలం అమ్మినవారు, భూసేకరణ పరిహారం పొందినవారు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. కనుక ఆ సభ్యుడి లెక్కనే ఇక్కడ విప్పి చూపుతాను.

పొరపాటు ఎక్కడ ఉన్నది

రూ. 84,000 వడ్డీ రావాలంటే 12 లక్షలూ ఏడాది పొడుగునా కదలకుండా ఉండాలి. కాని ఖర్చు కోసం ఏటా అందులోనుంచి తీస్తున్నాం. తీసిన సొమ్ముకు వడ్డీ రాదు. వడ్డీ తగ్గినకొద్దీ అసలులోనుంచి ఎక్కువ తీయవలసి వస్తుంది. అసలు తగ్గినకొద్దీ వడ్డీ ఇంకా తగ్గుతుంది. కాబట్టి వడ్డీని ఒక్కసారి లెక్కకట్టి పదితో హెచ్చవేస్తే సరిపోదు. సంఘం నగదు పుస్తకం మాదిరిగానే ఏ ఏటికి ఆ ఏడు ప్రారంభ నిలవ, ఖర్చు, జమ, ముగింపు నిలవ వ్రాసుకోవాలి.

పద్దు వ్రాసే పద్ధతి ఇది. ఏడాది మొదట్లో ఆ ఏడాదికి కావలసిన రూ. 1,20,000 తీసి సేవింగ్స్ ఖాతాలో వేసుకుని నెలనెలా వాడుకుంటారు. మిగిలిన సొమ్ము డిపాజిట్టులో ఉండి 7 శాతం వడ్డీ తెస్తుంది. ఏడాది చివర వడ్డీ కలిపితే వచ్చేదే మరుసటి ఏటి ప్రారంభ నిలవ.

మొదటి ఏడు: 12,00,000 లో 1,20,000 తీస్తే 10,80,000. దానిపై వడ్డీ 75,600. ముగింపు నిలవ 11,55,600. అంటే మొదటి ఏడే అతను అనుకున్న 84,000 వడ్డీ రాలేదు. ఇదే విధంగా క్రిందికి వ్రాసుకుంటూ పోతే వచ్చిన పద్దులో ముఖ్యమైన ఏళ్ళు ఇవి (రూపాయలలో):

| ఏడు | ప్రారంభ నిలవ | తీసుకున్నది | వడ్డీ | ముగింపు నిలవ |
|---|---|---|---|---|
| 1 | 12,00,000 | 1,20,000 | 75,600 | 11,55,600 |
| 2 | 11,55,600 | 1,20,000 | 72,492 | 11,08,092 |
| 5 | 10,02,866 | 1,20,000 | 61,801 | 9,44,667 |
| 10 | 6,68,178 | 1,20,000 | 38,372 | 5,86,550 |
| 15 | 1,98,760 | 1,20,000 | 5,513 | 84,273 |

పదహారో ఏడు మొదట్లో మిగిలింది రూ. 84,273. నెలకు పది వేల చొప్పున అది ఎనిమిది నెలలు వస్తుంది. అంటే మొత్తం 15 సంవత్సరాల 8 నెలలు. అతను అనుకున్న దానికంటె ఏడాదికి పైగా తక్కువ. ఆనాటికి అతనికి 75 ఏళ్ళు దాటుతాయి, భార్యకు 70 దగ్గర పడతాయి.

పట్టికలో ఇంకొక విషయం గమనించండి. మొదటి అయిదేళ్ళలో నిలవ తగ్గింది రెండున్నర లక్షలు మాత్రమే. చివరి అయిదేళ్ళలో అయిదు లక్షలు తగ్గింది. మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా కరగడం ఈ లెక్క స్వభావం. అయిదేళ్ళు గడిచాక పాసుపుస్తకం చూసుకుని "ఇంకా తొమ్మిదిన్నర లక్షలు ఉన్నాయి కదా" అని ఖర్చు పెంచేవారు దెబ్బతినేది ఇక్కడే.

నెలకు వెయ్యి తేడాతో ఎన్నేళ్ళ తేడా

అదే 12 లక్షలు, అదే 7 శాతం వడ్డీ. తీసుకునే సొమ్ము మాత్రం మార్చి చూద్దాం.

నెలకు 12,000 చొప్పున తీస్తే పదకొండున్నర ఏళ్ళు వస్తుంది.
10,000 అయితే 15 ఏళ్ళ 8 నెలలు.
9,000 అయితే 19 ఏళ్ళు.
8,000 అయితే 25 ఏళ్ళు.
7,000 అయితే 40 ఏళ్ళు.

పన్నెండు నుంచి పది వేలకు తగ్గితే, అంటే రెండు వేలు మానుకుంటే, నాలుగేళ్ళు కలిసివచ్చింది. ఎనిమిది నుంచి ఏడు వేలకు ఒక్క వెయ్యి తగ్గితే పదిహేనేళ్ళు కలిసివచ్చింది. కారణం కష్టమైనదేమీ కాదు. తీసుకునే సొమ్ము వడ్డీకి దగ్గరపడినకొద్దీ అసలు కరగడం దాదాపు ఆగిపోతుంది. ఈ పద్ధతిలో నెలకు రూ. 6,540 వరకు తీస్తే వడ్డీయే ఆ ఖర్చును భరిస్తుంది, 12 లక్షలు అలాగే ఉంటాయి. ఆ గీత దాటి ఎంత పైకి పోతే అంత త్వరగా సొమ్ము అయిపోతుంది.

వడ్డీ రేటు మారితే కూడా ఏళ్ళు మారతాయి. నెలకు పది వేలు తీస్తూ వడ్డీ 5 శాతమే వస్తే 13 ఏళ్ళ పైచిలుకు, 8 శాతం వస్తే పదిహేడున్నర ఏళ్ళు వస్తుంది. రేటు ఎప్పటికీ ఒకే తీరుగా ఉంటుందని అనుకోవద్దు. ప్రభుత్వపు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో క్రొత్త డిపాజిట్లకు ఇచ్చే రేటు 2020 ఏప్రిల్‌లో 8.6 నుంచి 7.4 శాతానికి దిగింది. 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగింది. వేసిన డిపాజిట్టుకు దాని గడువు అయిదేళ్ళూ అదే రేటు ఉంటుంది. గడువు తీరి మళ్ళీ వేసేనాటికి ఏ రేటు ఉంటుందో ముందుగా చెప్పలేం. కనుక లెక్క వేసేటప్పుడు ఈనాటి రేటుకంటె ఒక శాతం తగ్గించి వేసుకోవడం మంచిది.

ధరలు పెరిగితే ఏమవుతుంది

ఇంతవరకు వేసిన లెక్కలో పదిహేనేళ్ళ తరువాత కూడా ఇంటి ఖర్చు నెలకు పది వేలే అనుకున్నాం. ఇది నిజం కాదని పశువుల దాణా కొనే ప్రతి సభ్యుడికీ తెలుసు. ఖర్చు ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే ఈనాటి పది వేల ఖర్చు పదేళ్ళకు దాదాపు 16,300 అవుతుంది.

పద్దులో దీనికి చేయవలసిన మార్పు ఒక్కటే. "తీసుకున్నది" అనే గడిలో మొదటి ఏడు 1,20,000, రెండో ఏడు 1,26,000, మూడో ఏడు 1,32,300, ఇలా ఏటా అయిదు శాతం కలుపుతూ వ్రాయాలి. మిగతా పద్ధతి అంతా అదే. ఇలా వ్రాస్తే పదకొండో ఏడు మొదట్లో ఉండే నిలవ రూ. 1,88,975. ఆ ఏటి ఖర్చు రూ. 1,95,467. అంటే పదకొండో ఏడు ముగియకముందే సొమ్ము అయిపోతుంది. అప్పటికి అతనికి 71, భార్యకు 65.

ఈ అంకె చెప్పినప్పుడు ఆ సభ్యుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే నేను పోయాక దాని గతేమిటండీ" అన్నాడు. అతను వ్రాసుకొచ్చిన కాగితంలో లేని ప్రశ్న ఇదే. ఇద్దరు బ్రతకవలసిన సొమ్ముకు లెక్క వేసేటప్పుడు చిన్నవారి వయస్సు చూడాలి. ఎవరి పేరున డిపాజిట్టు ఉందో వారి వయస్సు చూసి ఊరుకోకూడదు.

వెనుకనుంచి వేసే లెక్క

అందుచేత ప్రశ్నను తిరగవేశాం. భార్యకు 79 ఏళ్ళు వచ్చేవరకు, అంటే 25 ఏళ్ళు సొమ్ము రావాలి. ఖర్చు ఏటా 5 శాతం పెరగాలి. వడ్డీ 7 శాతం. అలాగైతే మొదటి ఏడు నెలకు ఎంత తీయవచ్చు?

జవాబు రూ. 4,970. గుండుగుత్తగా అయిదు వేలు. ఇరవై ఏళ్ళు చాలనుకుంటే రూ. 5,900 వరకు తీయవచ్చు. కాగితం మీద ఇది తెలుసుకోవాలంటే ఒక అంకె ఊహించి పద్దు వ్రాయాలి, ముందే అయిపోతే తగ్గించి, మిగిలితే పెంచి మళ్ళీ వ్రాయాలి. మూడు నాలుగు సార్లకు అంకె కుదురుతుంది.

సంఘంలో పాల సేకరణకు కంప్యూటరు ఉంటే, ఖర్చు పెరగని మామూలు లెక్కకు స్ప్రెడ్‌షీటులో ఒకే వరుస చాలు:

```
=NPER(7%, 120000, -1200000, 0, 1)
```

ఇందులో మొదటిది వడ్డీ రేటు, రెండోది ఏడాదికి తీసేది, మూడోది ఉన్న సొమ్ము (దానికి ముందు మైనస్ గుర్తు తప్పనిసరి), నాలుగోది చివరికి మిగలవలసినది. అయిదో అంకె 1 అంటే ఏడాది మొదట్లో తీస్తున్నామని అర్థం. జవాబు 15.69 అని వస్తుంది, పద్దులో వచ్చిన 15 ఏళ్ళ 8 నెలలు అదే. అంకెకు బదులు `#NUM!` అని వస్తే భయపడనక్కరలేదు. తీస్తున్నది వడ్డీ దాటలేదు, సొమ్ము అయిపోదు అని అర్థం. ఏటా పెరిగే ఖర్చుకు మాత్రం పద్దు ఏడేడూ వ్రాయవలసిందే.

రాబడి స్థిరంగా లేనప్పుడు

ఆ సభ్యుడి అల్లుడు మ్యూచువల్ ఫండులో వేసి నెలనెలా తీసుకునే ఏర్పాటు పెట్టమని సలహా ఇచ్చాడట. దీనిని ఎస్.డబ్ల్యు.పి. అంటారు. ఇందులో సొమ్ము యూనిట్ల రూపంలో ఉంటుంది. నెలనెలా మనకు కావలసిన రూపాయలకు సరిపడా యూనిట్లు అమ్మి మన ఖాతాలో వేస్తారు. యూనిట్ ధర 100 ఉన్నప్పుడు పది వేలకు 100 యూనిట్లు పోతాయి. ధర 80కి పడితే అదే పది వేలకు 125 యూనిట్లు పోతాయి. తరువాత ధర మళ్ళీ పెరిగినా, అమ్మిన యూనిట్లు తిరిగి రావు.

కాబట్టి షేర్లలో పెట్టే ఫండుకు "సగటు రాబడి ఇంత" అని చెప్పితే చాలదు. నష్టం ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. మన లెక్కలోనే చూడండి. నెలకు పది వేల చొప్పున తీస్తూ, మొదటి ఏడు 20 శాతం పడి, ఆ తరువాత ప్రతి ఏడూ 7 శాతం వచ్చిందనుకోండి. సొమ్ము పదేళ్ళ అయిదు నెలల్లోపే అయిపోతుంది, అయిదేళ్ళకు పైగా నష్టం. అదే 20 శాతం పతనం పదో ఏడు వస్తే సొమ్ము 14 ఏళ్ళు వస్తుంది, నష్టం ఏడాదిన్నర పైచిలుకే. మొదటి ఏళ్ళ నష్టం పెద్ద నిలవ మీద పడుతుంది, దాని ఫలితం తరువాతి ఏళ్ళన్నిటికీ సాగుతుంది. ఇంటి ఖర్చుకు ఆధారమైన సొమ్ముకు, అదీ రిటైరైన మొదటి ఏళ్ళలో, ఈ తేడా తెలియకుండా దిగకూడదు.

సొమ్ము ఉంచే తీరు

డిపాజిట్టు మొత్తం ఒకే రసీదుగా వేస్తే ఏటా తీయడానికి ఆ రసీదును గడువుకు ముందే రద్దు చేయవలసి వస్తుంది, వడ్డీలో కోత పడుతుంది. సీనియర్ సిటిజన్స్ స్కీములో అయితే ఏడాది దాటి రెండేళ్ళలోపు మూసివేస్తే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్ళు దాటాక ఒక శాతం తగ్గించి ఇస్తారు. ఏడాదిలోపే మూసివేస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కు తీసుకుంటారు. కనుక మొదటి కొన్నేళ్ళ ఖర్చును ఏడాదికి ఒకటి, రెండేళ్ళకు ఒకటి, మూడేళ్ళకు ఒకటి గడువు తీరే విడివిడి రసీదులుగా వేసుకుని, మిగిలినదే దీర్ఘకాలానికి వేయాలి.

రెండో విషయం భద్రత. 2020 ఫిబ్రవరి నుంచి బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిట్‌దారుకు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ ఇన్సూరెన్సు ఉంది. సహకార బ్యాంకులకు కూడా ఇది వర్తిస్తుంది. ప్రాథమిక సహకార సంఘాలలో వేసిన డిపాజిట్లకు మాత్రం ఈ బీమా లేదు. సహకార శాఖలో పనిచేసే నేనే ఈ మాట చెప్పవలసి ఉంది, ఎందుకంటే సంఘం అనే నమ్మకంతో జీవితకాలపు సొమ్మంతా ఒకేచోట వేసినవారిని చూశాను. ఒకటి రెండు శాతం వడ్డీ ఎక్కువ ఇస్తామన్నచోట అసలుకు హామీ ఏమిటని ముందు అడగండి.

ఆ సభ్యుడు కుదుర్చుకున్న పద్ధతి

నెలకు పది వేలు కావాలి, నిధి ఇవ్వగలిగింది అయిదు వేలు. మిగతా అయిదు వేలు ఎక్కడనుంచి? అతని పాల బిల్లుల పుస్తకం తెప్పించి చూశాం. ఈనిన తరువాతి నెలల బిల్లులు చూసి లెక్క వేయకుండా, వట్టిపోయిన నెలలు కూడా కలిపి, దాణా, పచ్చిమేత, మందుల ఖర్చులు పోను ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించాం. నెలకు నాలుగు వేల వరకు మిగులు కనిపించింది. ఇంకో వెయ్యి ఇంటి ఖర్చులో తగ్గించుకుంటామని అతని భార్యే చెప్పింది.

గేదెలను ఎల్లకాలం సాకలేరు గదా అనే సందేహం వచ్చింది. అది నిజమే. అందుకే ఏటా ఒకసారి సరిచూసుకునే పద్ధతి వ్రాసి ఇచ్చాను. ఏడాది మొదట్లో ఉన్న నిలవను ఆ ఏడాది తీయబోయే సొమ్ముతో భాగించాలి. ఈనాడు 12,00,000ను 60,000తో భాగిస్తే 20 రెట్లు. అనుకున్నట్టే సాగితే ఎనిమిదేళ్ళు గడిచాక నిలవ రూ. 12,89,000 దాకా ఉంటుంది. అసలుకంటె ఎక్కువే ఉందని సంతోషించి గేదెలను అమ్మేసి, ఖర్చంతా నిధి మీద వేస్తే పొరపాటు. ఆనాటికి ఏడాదికి తీయవలసింది రూ. 88,600 అయి ఉంటుంది, భాగిస్తే పద్నాలుగున్నర రెట్లే వస్తుంది. భార్యకు 79 వచ్చేవరకు మిగిలిన 17 ఏళ్ళకు అది బొటాబొటిగా సరిపోతుంది. అంటే పెరిగినట్టు కనిపించిన సొమ్ములో అదనం ఏమీ లేదు, రాబోయే ఏళ్ళ ధరలకు అట్టిపెట్టినదే అది. గేదెలు లేని నాడు ఆ లోటుకు వేరే ఆధారం ఇప్పటినుంచే చూసుకోవాలి, లేదా 25 ఏళ్ళు తగ్గుతాయని తెలిసి తీయాలి.

ఆ సభ్యుడు పాత పాల బిల్లుల పుస్తకం చివరి పేజీలో అయిదు గడులు గీసి మొదటి వరుస వ్రాసుకున్నాడు. రెండో వరుస వచ్చే ఏడాది తనిఖీకి వచ్చినప్పుడు చూపిస్తానన్నాడు.